రెండు స్క్రూల బేసిన్

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మాకు నాలుగు వాటాల ఇల్లు ఒకటుంది. మేముండేది హొసకోటెలో. ఆ ఇల్లు కట్టించినప్పటి నుంచి దాని మంచిచెడ్డలన్నీ నేనే చూసుకుంటున్నాను. మా ఆయనకు ఇలాంటివి పట్టవు. పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి మనుషులతో మాట్లాడటం, పని చేయించుకోవడం నాకు వచ్చని నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇల్లు కట్టేటప్పుడు స్నానాల గదుల విషయంలో నాకేమీ తెలియదు. కొట్లో తళతళలాడే వస్తువులు చూసి, అద్దెకొచ్చేవాళ్ళు వాటిని చూసే వస్తారనుకుని, గోడలోపల దాగి ఉండే మిక్సర్ కుళాయిలు పెట్టించాను. పైకి ఒక పలక, ఒక పిడి మాత్రమే కనిపిస్తాయి. పిడిని అటు తిప్పితే వేడినీళ్ళు, ఇటు తిప్పితే చన్నీళ్ళు. చాలా అందంగా ఉండేవి. మూడేళ్ళు కూడా కాకముందే కింది వాటాలో పిడి బిగుసుకుపోయింది. అక్కడిది బోరు నీళ్ళు. బకెట్టులో ఒక పూట నిలవుంచితే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ ఉప్పు మిక్సర్ లోపల వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే కార్ట్రిడ్జిని తినేసింది. కొత్తది కొందామంటే ఆ కంపెనీ ఆ రకం తయారీ మానేసింది. వేరే కంపెనీలది ఏదీ అందులో కూర్చోదు. చివరికి టైల్సు పగలగొట్టి మొత్తం తీయించాల్సి వచ్చింది. అదే రంగు టైల్సు మళ్ళీ దొరకలేదు. ఆ గోడ మీద అతుకు ఇప్పటికీ ఉంది.

ఆ పని చేసింది హొసకోటెలో మా వీధి చివర ఉండే ప్లంబరు. వయసులో నాకంటే ఐదారేళ్ళు చిన్న. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఏ కుళాయి కారినా అతనే వచ్చేవాడు. నన్ను అక్కా అనేవాడు. ఆ రోజు పగిలిన టైలు ముక్కలు గోనెసంచిలోకి ఎత్తుతూ అన్నాడు.

"అక్కా, బాడిగ ఇంటికి అందం బేడక్కా. కదిలే వస్తువంతా గోడ బయటే ఉండాల. చెడిపోతే పానాతో తిప్పి తీసేసి, ఏ అంగట్లోనైనా దొరికేది పెట్టాల. అంతే."

అద్దె ఇంటికి అందం వద్దన్న ఆ మాట నా మనసులో బాగా నాటుకుంది. మరుసటి ఏడాది నాలుగు వాటాల్లో స్నానాల గదులన్నీ తిరిగి చేయించాలని నిర్ణయించుకున్నాను. అతన్నే వెంటబెట్టుకుని పాత మద్రాసు రోడ్డు మీదున్న శానిటరీ కొట్టుకు వెళ్ళాను. ఒక పూటంతా అక్కడే గడిచింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు పండగలా ఉండింది. కుళాయిలు ఇత్తడివి, అరంగుళానివి, నాలుగు వాటాలకూ ఒకే రకం. ఒకటి చెడితే ఇంకొకదాని విడిభాగం సరిపోవాలి. ప్లాస్టిక్ కుళాయిలు చవకే, ఉప్పు కూడా పట్టదు. కానీ వాటికి బకెట్టు తగిలిస్తారని, మెడ విరిగి మర గోడలోనే ఉండిపోతుందని ప్లంబరు వద్దన్నాడు. కమోడ్ గోడకు వేలాడేది కాకుండా నేల మీద నిలబడేది తీసుకున్నాం. ఫ్లష్ ట్యాంకు బయట తగిలించేది, ప్లాస్టిక్‌ది. దాని లోపలి తేలే బంతి, వాషరు ఏ చిన్న హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతాయి. ప్రతి గొట్టం దగ్గరా ఒక యాంగిల్ కాక్, అంటే అక్కడికక్కడే నీళ్ళు కట్టేసే చిన్న కుళాయి, పెట్టించాను. ఒకచోట పని జరుగుతుంటే ఇల్లంతా నీళ్ళు ఆపే పని లేకుండా. అన్నీ తెలుపే. తెలుపైతే పదేళ్ళ తర్వాత ఒకటి మార్చినా తేడా తెలియదు.

బేసిన్ల దగ్గరే మాట తేడా వచ్చింది.

నేను చిన్న బేసిన్లు ఎంచాను. గోడకు తగిలించేవి. కింద కాలు ఉన్నవైతే ఖర్చు ఎక్కువ, ఆ కాలు వెనక తుడవడం కష్టం. ఇనుప బ్రాకెట్లు వేస్తే తుప్పు పట్టి గోడ మీదికి చారలు దిగుతాయి. మా హొసకోటె ఇంట్లో ఆ చారలు చూసి చూసి విసిగిపోయాను. కొట్టువాడు ఇంకో దారి చూపించాడు. గోడకు బెజ్జం వేసి ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, రెండు పెద్ద స్క్రూలు బిగిస్తే చాలట. మార్చాలంటే రెండు స్క్రూలు తిప్పడమే. ఐదు నిమిషాల పని. నాకు అది చాలా నచ్చింది.

ప్లంబరు తల అడ్డంగా ఊపాడు.

"మీ ఇంటి గోడలు ఆలో బ్లాకులక్కా. లోపలంతా బోలుగా ఉండాది. ప్లాస్టిక్ ప్లగ్గుకు పట్టు దొరకదు. బోలు ఉన్నచోట కాంక్రీటు పోసి, రాగ్ బోల్టులు దాంట్లో నాటి, రెండు దినాలు నీళ్ళు కొట్టి ఆరనీయాల. ఆమేలే బేసిన్ ఎత్తాల."

"బోల్టు సిమెంట్లో నాటితే రేపు వేరే బేసిన్ తెస్తే ఆ బోల్టులు దానికి సరిపోతాయా? మళ్ళా గోడ పగలగొట్టాల గదా?" అన్నాను.

"సరిపోకపోతే పగలగొట్టాల. ఏం చేస్తాం?"

"మళ్ళా పగలగొట్టేదా? అదే వద్దనుకొనే గదప్పా ఇదంతా చేస్తా ఉండేది. చిన్న బేసిన్ ఇది. చెయ్యి కడుక్కొనేదానికి. దాని మీద ఎవరు కూర్చుంటారు?"

అతను ఒక బేసిన్ని తిరగేసి దాని వెనక బెజ్జాలు చూశాడు. తర్వాత, "బ్రాకెట్లన్నా వేద్దామక్కా. రంగు పూసి వేస్తా," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. అసలు సంగతేమిటంటే, మొదటి అంతస్తు వాటాకు అప్పటికే ఒకరు టోకెన్ ఇచ్చి ఉన్నారు. మూడు రోజుల్లో సామానుతో దిగుతారు. ఆ వాటాలో మిగతా పని కూడా ఆలోపే కావాలి, కాంక్రీటు పోసి ఆరనిచ్చే తీరిక లేదు. ఆ మాట అతనితో చెప్పలేదు. తెలిసినదానిలా మాట్లాడి పని పూర్తి చేయించాను. అతను బిగించాడు. బిగించాక రెండు చేతులతో బేసిన్ని పట్టుకుని ఒకసారి కిందికి నొక్కి చూసి, సంచి సర్దుకున్నాడు.

మొదటి అంతస్తులోకి వచ్చింది తల్లీకూతుళ్ళు. ఒంగోలు వాళ్ళు. అమ్మాయి దగ్గర్లోనే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేసేది. తల్లి కుట్టుపని చేసి ఆ పిల్లను చదివించింది. ఇక్కడికి వచ్చాక కూడా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. చుట్టుపక్కల ఆడవాళ్ళ జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టిపెట్టేది. డబ్బు అడిగేది కాదు. నేను అద్దె ఇంటికి వెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. ఒకసారి నా చీర అంచు ఊడిందని చూసి, నేను కాఫీ తాగే లోపల అక్కడికక్కడే కుట్టేసింది. కుట్టు ఎక్కడుందో నాకు కనిపించలేదు.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చోలేదు, లేవలేదు. వాళ్ళు వచ్చిన రెండు నెలలకు అమ్మాయి నాకు ఫోన్ చేసింది.

"ఆంటీ, బాత్రూంలో కమోడ్ పక్కన గోడకి ఒక స్టీల్ రాడ్ పెట్టించుకోవచ్చా? అమ్మ లేచేటప్పుడు పట్టుకోడానికి. ఖర్చు నేనే పెట్టుకుంటాను."

న్యాయంగా అడిగింది. నాకు మాత్రం వినగానే కొత్త టైల్సు గుర్తొచ్చాయి. బెజ్జాలు వేస్తే వాటిలోంచి నీళ్ళు దిగి కింది వాటా గోడ చెమ్మెక్కుతుందని భయం. రేపు వీళ్ళు వెళ్ళిపోతే ఆ రాడ్డును ఏం చేయాలి? తీస్తే నాలుగు బెజ్జాలు మిగులుతాయి.

"వద్దమ్మా. టైల్సుకు డ్రిల్ వేస్తే లీకేజీ వస్తాది. కావాలంటే ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టుకోండి పక్కన," అన్నాను.

"సరే ఆంటీ," అంది. ఆ అమ్మాయి ఎదురు చెప్పే రకం కాదు. నేను కాదన్నదాన్ని రెండోసారి అడగలేదు.

ఆ స్నానాల గదిలో కమోడ్‌కు కుడివైపున చేతికి అందే దూరంలో బేసిన్ ఉంది. స్థలం తక్కువ కాబట్టి అలా పెట్టించాను. రాడ్డు లేని మనిషి లేవాలంటే దేన్ని పట్టుకుంటుంది? ఆ ఆలోచన నాకు రాలేదు. పది నిమిషాలు ఆ గదిలో నిలబడి చూసుంటే వచ్చేది. నేను ఆ గదిలో చూసినవన్నీ వస్తువులే. ఏది ఎంతకాలం మన్నుతుంది, ఏది ఎంత తేలికగా ఊడివస్తుంది, అంతే.

ఏడాదిన్నర ఏ గొడవా లేకుండా గడిచింది. తర్వాత ఒక ఆదివారం పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. వాళ్ళు చర్చికి బయల్దేరబోతున్నారట. తల్లి కమోడ్ మీద నుంచి లేస్తూ ఎప్పటిలాగే బేసిన్ అంచు మీద చెయ్యి వేసి బరువు పెట్టిందట. బేసిన్ గోడలోంచి ఊడొచ్చి నేల మీద పడి ముక్కలైంది. ఆవిడ ఆ ముక్కల మీద పడింది. కుడి అరచెయ్యి తెగింది. అమ్మాయి ఆవిడను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ దారిలోంచి మాట్లాడుతోంది.

"నీళ్ళు కారిపోతున్నాయి ఆంటీ. నాకు ఎక్కడ ఆపాలో తెలీలేదు. తాళం పక్కింట్లో ఇచ్చాను. మీరొకసారి..."

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"దాని మీద ఎందుకు ఆనుకున్నారమ్మా?"

ఆటో శబ్దం వినిపించింది. అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

ప్లంబరుకు చెప్తే అతను వెంటనే బండి తీశాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని బ్రూక్‌ఫీల్డ్ దాకా తోలాడు. ఇంట్లోకి వెళ్ళేసరికి హాల్లో కూడా నీళ్ళు. అతను పరుగున వెళ్ళి యాంగిల్ కాక్ తిప్పి నీళ్ళు ఆపాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. నేలంతా తెల్లటి ముక్కలు, నీళ్ళలో కలిసిన ఎరుపు. గోడలో రెండు గుంటలు. ఒక ప్లగ్గు స్క్రూతో సహా ఊడివచ్చి నేల మీద పడి ఉంది. అతను దాన్ని తీసి చూశాడు. దానికి అంటుకున్న బూడిదరంగు పొడి అతని వేళ్ళకు అంటింది. నాకు చూపించలేదు. పక్కన పెట్టి, ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం అమ్మాయి ఆసుపత్రిలో చూపించాల్సిన ఇన్సూరెన్సు కాగితాల కోసం వచ్చింది. చుడీదారు ముందరంతా మరకలు. చేతిలో వేళ్ళను ముడిచే నరాలు రెండు తెగాయని, సాయంత్రం ఆపరేషన్ చేస్తారని చెప్పింది. స్నానాల గదిలోకి చూసి గోడలోని గుంటల దగ్గర ఆగిపోయింది.

"ఎవరండీ దీన్ని ఇట్టా బిగించింది?" అని అడిగింది. నన్ను కాదు. చేతిలో చీపురుతో నిలబడ్డ అతన్ని. "రెండు స్క్రూల మీద నిలబెట్టేస్తారా? మనుషులు ఉండే ఇల్లు కదా ఇది! మీ ఇంట్లో అయితే ఇట్టాగే పెట్టుకుంటారా?"

అతను నా వైపు చూశాడు. ఒక్క క్షణమే చూశాడు. ఆ క్షణంలో నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. అతను వద్దన్నాడమ్మా, నేనే పెట్టించాను. అంతే. నోరు తెరవలేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"తప్పయిపొయ్యిందమ్మా," అన్నాడు అతను.

ఆ అమ్మాయి కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం నేల తుడిచాం. మా ఇంటి ముందు దిగి, "సాయంత్రం ఇంటికి రాప్పా, మాట్లాడుదాం" అన్నాను. అతను రాలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆవిడ చెయ్యి మోచేతి దాకా కట్టుతో ఉంది. నన్ను చూడగానే లేవబోయింది. పడుకోమన్నాను.

"బేసిన్ పగలగొట్టేశానమ్మా," అంది ఆవిడ. "ఎప్పుడూ కొంచెంగానే ఆనుకునేదాన్ని. నిన్న తొందరలో బరువంతా వేసేశా. మా అమ్మాయి కొత్తది కొనిస్తుందిలే. మీరేమీ అనుకోమాకండి."

నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకున్నాను. బేసిన్ సంగతి మరిచిపోండి అన్నాను. నిజం మాత్రం చెప్పలేదు. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకుంటానని అమ్మాయితో అంటే, ఆఫీసు ఇన్సూరెన్సులో అయిపోయిందండీ అంది. ఆంటీ అనే పిలుపు ఆ రోజుతో పోయింది.

ఆ వారంలోనే ప్లంబరు ఇంటికి వెళ్ళాను. అతని భార్య కుర్చీ వేసింది. అతను ఎదురుగా నిలబడే ఉన్నాడు.

"నేను చెప్పుండాల్సింది. ఆ పిల్ల నిన్ను అడిగినప్పుడు నేను చెప్పుండాల్సింది," అన్నాను.

"నాకూ తెలిసే గదక్కా బిగించింది. చెయ్యనని లేచి వచ్చేసుండాల. రాలేదు. కూలి కోసరం చేసినా." అని ఆగి, "ఆయమ్మ చెయ్యి ఎట్లుండాది?" అని అడిగాడు.

చెప్పాను. తల ఊపాడు. తర్వాత నాలుగు వాటాల్లోనూ పని మళ్ళీ చేస్తానని ఒప్పుకున్నాడు. ఈసారి నేను కొట్టుకు వెళ్ళలేదు. ఏం కావాలో అతనే రాసిచ్చాడు, అవే తెప్పించాను. బేసిన్ వెనక టైలు తీసి, బ్లాకులోని బోలులో కాంక్రీటు దట్టించి, బోల్టులు నాటి, రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి నీళ్ళు కొట్టాడు. ఆరాక కింద కాలున్న బేసిన్లు ఎత్తాడు. కమోడ్ పక్కన కూడా అలాగే గోడ నింపి, స్టీలు రాడ్లు బిగించాడు. బెజ్జాల చుట్టూ నీళ్ళు దిగకుండా సిలికాన్ పూశాడు. నేను అంతగా భయపడిన చెమ్మ ఇప్పటిదాకా ఎక్కడా రాలేదు. అరగంట పనికి భయపడి వద్దన్నానని అప్పుడు తెలిసింది.

మొదటి అంతస్తులో రాడ్డు బిగించిన రోజు ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. గుమ్మం దగ్గర నిలబడి చూసింది. రాడ్డును ఎడమ చేత్తో పట్టుకుని లాగి, "గట్టిగా ఉంది నాయనా," అంది ప్లంబరుతో. అతను తలెత్తి చూడలేదు.

పని అయ్యాక నాకు వేరే కుర్రవాళ్ళ ఫోన్ నంబరు ఇచ్చాడు. "ఇకమీద వీళ్ళను పిలిపించుకోక్కా. నాకు అంత దూరం తోలేదానికి కాదు" అన్నాడు. వీధిలో ఎదురుపడితే ఇప్పటికీ బాగున్నారా అక్కా అంటాడు. నిలబడడు.

తల్లీకూతుళ్ళు ఆ ఏడాది చివర్లో ఖాళీ చేశారు. లిఫ్టు ఉన్న ఇల్లు దొరికిందని చెప్పారు. వెళ్ళేముందు ఆవిడ నాకు చెయ్యి చూపించింది. చూపుడు వేలు, మధ్యవేలు సగం వరకే ముడుచుకుంటున్నాయి. వ్యాయామాలు చేయిస్తున్నారంది. సూది పట్టడం కుదరడం లేదని, అయినా కళ్ళు కూడా మందగించాయి కదా, ఎలాగూ మానేసేదాన్నేనని అంది. నా మనసు తేలికపరచడానికే ఆ మాట అందని నాకు తెలుసు. ఆవిడ కళ్ళు చాలా మంచివి. నా చీర అంచు కుట్టిన రోజున కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

ఆ తర్వాత చాలా నెలలు నాకు స్థిమితం లేదు. పోస్టాఫీసులో ఉన్నప్పుడు వేరొకరి పొరపాటు నా మీద పడితే ఎంత గొడవ చేసేదాన్నో గుర్తొచ్చేది. చివరికి ఒక రోజు అమ్మాయికి ఫోన్ చేశాను. మీ అమ్మగారు ఎలా ఉన్నారని అడిగి, ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ప్లంబరు వద్దన్నాడని, గోడ బోలుదని చెప్పాడని, తొందరలో నేనే రెండు స్క్రూలతో కానిచ్చానని. ఆ రోజు మీరు తిట్టింది అతన్ని కాదు, తిట్టాల్సింది నన్ను అని.

ఆ అమ్మాయి మొత్తం విన్నది. నిలబడి ఉన్నదాన్ని కూర్చున్నాను.

"ఆయన నంబరు ఉందా మీ దగ్గర?" అని అడిగింది చివరికి. "నేను ఆయన్ని అన్న మాటలు..."

నంబరు చెప్పాను. రాసుకుంది.

"అమ్మకి మాత్రం ఇది చెప్పకండి," అంది తర్వాత. "ఆమె మీ గురించి అందరికీ మంచిగా చెప్తుంటుంది. అడగకుండానే అన్ని వాటాల్లో రాడ్లు పెట్టించారని."

అడగకుండానే. ఆ పిల్ల అడిగిందని, నేను కాదన్నానని మా ఇద్దరికీ తెలుసు. తనే ఆ మాట తల్లి దగ్గర దాచిపెట్టి ఉంటుంది. ఎందుకు దాచిందని నేను అడగలేదు. సరేనమ్మా అన్నాను. తను ఉంటానండీ అని పెట్టేసింది.